రికార్డుకు గడువు అడుగుతూ రాసిన లెటర్

మా రూమ్‌లో తమ్ముడికి మలేరియా వచ్చింది. వైవాక్స్ అన్నారు. క్లోరోక్విన్ 3 రోజులు, ప్రైమాక్విన్ 14 రోజులు. జ్వరం తగ్గినా నీరసం పోలేదు. ఈలోపు కెమిస్ట్రీ ల్యాబ్‌లో రెండు టైట్రేషన్లు అయిపోయాయి. రికార్డు ఇవ్వకపోతే ఇంటర్నల్ మార్కులు పోతాయి, గడువు చూస్తే నాలుగు రోజులే.

"మా రీడింగులు వేసేసుకో" అన్నారు పక్క రూమోళ్ళు. కానీ అబ్జర్వేషన్ బుక్‌లో మేడమ్ సంతకం లేని రీడింగ్ రికార్డులో చెల్లదు. పైగా వైవాలో మిథైల్ ఆరెంజ్ రంగు ఎలా మారిందని అడిగితే, చూడనోడు ఏం చెప్తాడు? అందుకే మేమంతా కూర్చుని లెటర్ రాశాం. జబ్బు సంగతి ఒక్క లైనే పెట్టాం.

"గౌరవనీయులైన మేడమ్ గారికి, మలేరియా వల్ల 8 నుంచి 17వ తేదీ వరకు ల్యాబ్‌కు రాలేకపోయాను. ఆస్పత్రి చీటీ జతచేశాను. 8 ప్రయోగాల్లో 6 పూర్తయ్యాయి, వాటికి మీ సంతకాలున్నాయి. సోడియం కార్బొనేట్, పర్మాంగనేట్ టైట్రేషన్లు మిగిలాయి. వేరే బ్యాచ్ ల్యాబ్ రోజున ఇవి చేయనిస్తే, ఆ తర్వాత 4 రోజుల్లో రికార్డు ఇస్తాను."

ఉత్త గడువు అడిగితే ఖాళీ పేజీలే మిగిలేవి, అందుకే ల్యాబ్‌లో ఒక పూట కూడా అడిగాం. మేడమ్ చీటీ చూసి గురువారం రమ్మన్నారు. పసుపు రంగు లేత ఎరుపుకి తిరిగిన చుక్క దగ్గర బ్యూరెట్ ఆపాడంట మావాడు. మూడుసార్లు చేస్తే రెండు రీడింగులు కలిశాయి. సంతకం పడింది. ఇప్పుడు మంచం మీద కూర్చుని రికార్డు రాస్తున్నాడు.