సర్టిఫికెట్ ఒకటి, మిషన్ మీద మరొకటి

రామగుండం, జైపూర్ పవర్ ప్లాంట్లలో గేర్‌బాక్సుల వైబ్రేషన్ చూసే తమ్ముళ్లూ, మీ సెన్సర్ సర్టిఫికెట్లో ‘ఒక జీకి 100 మిల్లీవోల్టులు’ అని ఉంటే అది తరచూ 159.2 హెర్ట్జ్ లాంటి ఒకే ఫ్రీక్వెన్సీ దగ్గరి లెక్క. షేకర్ మీద రిఫరెన్స్ సెన్సర్‌కు స్టడ్‌తో గట్టిగా బిగించి తీసింది. ఆ ఫ్రీక్వెన్సీలో అయస్కాంతంతో అంటించినా దాదాపు అదే వస్తుంది. అసలు పేచీ పైన, వేల హెర్ట్జ్‌లలో. అయస్కాంతం పట్టు స్ప్రింగులా ఊగి, అనునాదం దగ్గర రీడింగ్ కొన్ని రెట్లు పెరుగుతుంది, దాటాక పడిపోతుంది. కింద పెయింటు, బొగ్గు ధూళి ఉంటే ఆ అనునాదం ఇంకా కిందికే దిగుతుంది. దాంతో మంచి బేరింగు కూడా చెడినట్టు కనబడొచ్చు!

అందుకే సెన్సర్‌ను అయస్కాంతంతో సహా షేకర్ మీద పెట్టి, 1 జీ మారకుండా ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోండి. రీడింగ్ గీత ఏ ఫ్రీక్వెన్సీలో శిఖరానికి చేరుతుందో, అందులో మూడో వంతు దాకానే ఆ రీడింగ్ నమ్మండి. అంతకు పైన చూడాలంటే ఉపరితలం చదును చేసి, పల్చగా గ్రీజు రాసి, స్టడ్ బిగించాల్సిందే.