ఫోటోలో ఒరిగిన ఫ్లోచార్ట్

పిల్లలు ఒక రోజు స్కూలు మానేస్తే ఆ రోజు నోట్స్ సాయంత్రానికల్లా మన వాట్సాప్‌లో ఉంటుంది. సోషలైనా సైన్సైనా, ఫోటో కాస్త మసకగా ఉన్నా కూడబలుక్కుని రాసేసుకోవచ్చు. కంప్యూటర్ క్లాసులో గీసిన ఫ్లోచార్ట్ దగ్గర మాత్రం ఆ పద్ధతి సాగదు. అక్కడ డబ్బాలో ఏం రాశారన్నది ఎంత ముఖ్యమో, ఆ డబ్బా ఏ ఆకారంలో ఉందన్నదీ అంతే ముఖ్యం. ఫోటోలో ముందుగా చెడిపోయేది ఆ ఆకారమే.

మా అమ్మాయి ఎనిమిదో తరగతి. జ్వరం వచ్చి రెండు రోజులు స్కూలుకి వెళ్లలేదు. సోమవారం యూనిట్ టెస్ట్. స్నేహితురాలు తన నోట్‌బుక్ పేజీ ఫోటో పంపింది. పుస్తకం బల్ల మీద ఉండగా, కూర్చున్న చోటు నుంచి లేవకుండా ఓ మూల నుంచి తీసిన ఫోటో అది. ఒకటి నుంచి N వరకు ఉన్న సంఖ్యల మొత్తం కనుక్కునే ఫ్లోచార్ట్. మా అమ్మాయి కనిపించింది కనిపించినట్టు దించేసింది. రెండు ఓవల్స్, ఒక డైమండ్ తప్ప మిగిలినవన్నీ పారలలోగ్రామ్‌లే గీసింది.

"ఫోటోలో అన్నీ పక్కకి ఒరిగే ఉన్నాయమ్మా" అంది.

నిజమే, అన్నీ ఒరిగే ఉన్నాయి. నేను పాలిటెక్నిక్‌లో ప్రోగ్రామింగ్ చెబుతాను కాబట్టి ఇలాంటి ఫోటోలు వారానికి నాలుగైనా చూస్తుంటాను.

ఆకారాల సంగతి మీలో చాలామందికి తెలిసే ఉంటుంది. ఓవల్ అంటే మొదలు లేదా ముగింపు. పారలలోగ్రామ్ అంటే బయటి నుంచి విలువ లోపలికి తీసుకోవడం, లేదా జవాబు బయటికి ఇవ్వడం. రెక్టాంగిల్ అంటే లోపల జరిగే లెక్క. డైమండ్ అంటే ప్రశ్న; దాని నుంచి రెండు దారులు బయల్దేరతాయి. ఇది ఏ ఒక్క టీచరో పెట్టుకున్న పద్ధతి కాదు, 1985 నాటి ఐఎస్‌ఓ 5807 అనే అంతర్జాతీయ ప్రమాణంలోనూ దాదాపు ఇలాగే ఉంది. అందుకే టెస్టులో రెక్టాంగిల్ ఉండాల్సిన చోట పారలలోగ్రామ్ గీస్తే, లోపల రాసిన లెక్క సరైనదే అయినా మార్కు పోవచ్చు.

మరి ఒరిగిన ఫోటోలో ఏది ఏదో ఎలా పోల్చుకోవాలి? నోట్‌బుక్‌లోనే దానికో కొలబద్ద ఉంది: మార్జిన్ గీత. ఏటవాలుగా ఫోటో తీసినప్పుడు డబ్బాలే కాదు, పేజీ మొత్తం ఒరుగుతుంది. మార్జిన్ గీతా దాంతోపాటే వాలుతుంది. కాబట్టి డబ్బా పక్క అంచు తిన్నగా ఉందా లేదా అని చూడకండి, మార్జిన్ గీతతో సమానంగా వాలిందా అని చూడండి. సమానంగా వాలితే అది అసలు పేజీలో రెక్టాంగిలే. మార్జిన్ ఒక వాటంగా, డబ్బా అంచులు మరో వాటంగా ఉంటే అదే నిజమైన పారలలోగ్రామ్. ఒక్క జాగ్రత్త: దూరంగా ఉన్న అంచు దగ్గరికి ముడుచుకుంటుంది కాబట్టి, మార్జిన్‌కి బాగా దూరంగా ఉన్న డబ్బాల దగ్గర ఈ పోలిక కాస్త తేడా కొడుతుంది. అక్కడ పేజీ రెండో అంచుతో పోల్చుకోవాలి.

మా అమ్మాయి ఫోన్ తెర మీద స్కేలు పెట్టి మరీ చూసింది. మార్జిన్‌తో కలవనివి రెండే తేలాయి, `Read N` ఉన్నదీ, `Print SUM` ఉన్నదీ. లోపలి మాటలు కూడా దానికి సరిపోయాయి: ఒకటి విలువ తీసుకోవడం, ఇంకొకటి జవాబు ఇవ్వడం. `SUM = 0, I = 1` అన్నదీ, `SUM = SUM + I, I = I + 1` అన్నదీ లెక్కలు కాబట్టి రెక్టాంగిల్స్.

ఆకారాలు తేలినా డైమండ్ దగ్గర మూడు చిక్కులు మిగిలాయి. అందులో `I < N` అని కనిపిస్తోంది. గుర్తు కిందుగా ఓ చిన్న గీత ఉందేమో అనిపిస్తుంది గానీ, అది నోట్‌బుక్ రూళ్ల గీత మీద సరిగ్గా పడి అందులో కలిసిపోయింది. ఎస్, నో అని రాసిన చోట స్నేహితురాలి బొటనవేలు ఉంది. చివరి లెక్క డబ్బా నుంచి పైకి వెళ్లే గీత, పుస్తకం మడత నీడలో ఎక్కడ కలిసిందో తెలియడం లేదు.

ఇలాంటప్పుడు ఊహించడం కన్నా ఒక చిన్న సంఖ్య పెట్టి నడిపించి చూడటం మంచిది. N అంటే 3 అనుకోమన్నాను. రావాల్సిన జవాబు 6. ముందు ఎస్, నో సంగతి. `Print SUM` వైపు వెళ్లే దారి ఎస్ అయితే, మొదట్లోనే 1 అనేది 3 కన్నా తక్కువ కాబట్టి నేరుగా అటు పోయి 0 ముద్రించి ఆగిపోతుంది. కాబట్టి ఎస్ లెక్క డబ్బా వైపు, నో ప్రింట్ వైపు.

తర్వాత గుర్తు. `I < N` అయితే I విలువ 1, 2 అయినప్పుడు మాత్రమే కూడుతుంది. 3 దగ్గర ఆగిపోతుంది. జవాబు 3. `I ≤ N` అయితే 1, 2, 3 మూడూ కలిసి 6 అవుతాయి. అంటే రూళ్ల గీతలో కలిసిపోయిన చిన్న గీత నిజంగా ఉంది.

ఇక పైకి వెళ్లే బాణం. అది `SUM = 0, I = 1` డబ్బా పైన కలిస్తే, ప్రతి చుట్టులోనూ I మళ్లీ 1 అవుతుంది, SUM మళ్లీ 0 అవుతుంది. ప్రశ్నకి ఎప్పుడూ ఎస్ అనే జవాబు వస్తుంది, ప్రోగ్రాం ఎప్పటికీ ఆగదు. "అయితే డైమండ్ పైనే కలవాలి" అని తనే అంది, నేను చెప్పబోయే లోపే. ఆ మాట దగ్గర నాకు కొంచెం ముచ్చటేసింది, దాచుకోవడం ఎందుకు.

అయితే ఈ పద్ధతికి ఒక హద్దు ఉంది. ఫ్లోచార్ట్ దేనికోసమో తెలిస్తేనే ఇది పనిచేస్తుంది. ఇక్కడ పేజీ పైన శీర్షిక కనిపించబట్టి సరిపోయింది. "ఈ ఫ్లోచార్ట్‌లో తప్పు కనిపెట్టండి" అని టీచర్ కావాలనే తప్పుగా ఇచ్చి ఉంటే, మనం సరిచేసుకుంటూ పోతే అసలు ప్రశ్నే మాయమైపోతుంది. అలాగే ఏదైనా గీత చివర చిన్న వృత్తం, అందులో A లాంటి అక్షరం కనిపిస్తే, ఫ్లోచార్ట్ అక్కడితో అయిపోలేదని అర్థం. అదే అక్షరం ఉన్న వృత్తం ఇంకోచోట ఉంటుంది, బహుశా రెండో పేజీలో. ఆ ఫోటో కూడా అడిగి తెప్పించుకోవాలి.

ఫోన్‌లో స్కాన్ సదుపాయం ఉంటే ఒరిగిన పేజీని అది చాలావరకు నిలబెడుతుంది. నాలుగు చుక్కలూ పేజీ నాలుగు మూలల మీదే పెట్టాలి. డబ్బా మూలల మీదో, బల్ల అంచు మీదో పెడితే తిన్నగా ఉన్నవి కూడా వంకరపోతాయి. అందుకని ఫోటోలో నాలుగు మూలలూ పడేలా తీయాలి. ఆ రాత్రి మా అమ్మాయి స్నేహితురాలికి ఇలా మెసేజ్ పెట్టింది: "లేచి నిలబడి పైనుంచి ఇంకోటి తీయవే, పేజీ మొత్తం రావాలి. వేలు అడ్డం పెట్టకు."