మందుల కాగితాన్ని మా ఇంటి వేళల్లోకి తిరగరాయడం

మా మావయ్యగారికి గుండెకి స్టెంట్ వేసి, ఐదో రోజున ఇంటికి పంపించారు. చేతికిచ్చిన డిశ్చార్జి సమ్మరీ నాలుగు పేజీలుంది. మొదటి మూడింట్లో ఆస్పత్రిలో ఏం జరిగిందో రాశారు. మనకి రోజూ కావలసింది నాలుగో పేజీ, ఏడు మందుల వరస.

ఆ వరసలో ఒక్కో మందుకి ఒక్కో లైను. డాక్టరుగారికి అది చక్కగా సరిపోతుంది. కానీ ఇంట్లో మందులు ఇచ్చే మనిషికి వచ్చే సందేహం వేరు. "టిఫిను అయింది, ఇప్పుడేం వెయ్యాలి?" అన్నదే ఆవిడ ప్రశ్న. దానికి జవాబు కోసం పూటపూటా ఏడు లైన్లూ వెతుక్కోవాలి. మా ఇంట్లో మందులిచ్చేది అత్తయ్యగారు. తెలుగు పేపరు చావు కబుర్లతో సహా వదలకుండా చదువుతారు గానీ, ఆవిడకి ఇంగ్లీషు రాదు. అందుకని మందుల వారీగా ఉన్నదాన్ని వేళల వారీగా, తెలుగులో తిరగరాద్దామని కూర్చున్నాను.

ముందు ఆ పొడి అక్షరాల సంగతి. ఓడీ అంటే రోజుకొకసారి, బీడీ అంటే రెండుసార్లు, టీడీఎస్ అంటే మూడుసార్లు. హెచ్ఎస్ అంటే పడుకునేముందు, ఎస్ఓఎస్ అంటే అవసరమైతేనే. కొన్నిటికి 1-0-1 అని అంకెలే వేస్తారు. పొద్దున్న ఒకటి, మధ్యాహ్నం లేదు, రాత్రి ఒకటి అని. ఒకటిని గురువు, సున్నాని లఘువు అనుకుంటే 1-0-1 రగణం, 0-1-0 జగణం, 0-0-1 సగణం. బీఏలో చదివిన ఛందస్సు ఇలా పనికొస్తుందని మా మాస్టారు కూడా అనుకుని ఉండరు!

పట్టిక రాసేముందు ఇంకో పని ఉంది. అసలు కష్టం అక్కడే. మావయ్యగారికి పదేళ్ళుగా షుగరు, బీపీ ఉన్నాయి. ఇంట్లో పాత బిస్కెట్ల డబ్బా నిండా మందులే. అందులోవి అన్నీ మంచం మీద పరిచి, కొత్త కాగితంతో ఒక్కొక్కటే సరిచూశాను. చూడాల్సింది పట్టీ మీద ఉండే కంపెనీ పేరు కాదు, అసలు మందు పేరు. కంపెనీ పేర్లు చూస్తే పాతవీ కొత్తవీ దేనికదే వేరుగా ఉన్నాయి. అసలు పేర్లు చదివితే మూడు చోట్ల చిక్కు కనబడింది.

కొలెస్ట్రాల్‌కి పాత డబ్బాలో అటోర్వాస్టాటిన్ 10 ఉంది, కొత్త కాగితంలో అదే మందు 40. షుగరుకి పాతది గ్లిమెపిరైడ్, మెట్‌ఫార్మిన్ రెండూ కలిపిన మాత్ర. కొత్త దాంట్లో ఒట్టి మెట్‌ఫార్మిన్ 500. రెండూ వేస్తే మెట్‌ఫార్మిన్ రెట్టింపవుతుంది. పైగా సరిగ్గా తినలేకపోతున్న మనిషికి గ్లిమెపిరైడ్ తోడైతే షుగరు పడిపోవచ్చు. ఇక మూడోది బీపీకి వేసుకునే ఆమ్లోడిపిన్ 5. అది కొత్త కాగితంలో ఎక్కడా లేదు. లేదంటే ఆపమన్నట్టా, రాయడం మరిచినట్టా? కాగితం ఎన్నిసార్లు తిప్పినా ఇది తేలదు. మనం ఊహించి తేల్చేదీ కాదు.

సమ్మరీ అడుగున ఉన్న నంబరుకి ఫోను చేశాను. "ఈ మూడూ వేసుకునేవారండీ, ఉంచాలా ఆపాలా?" అని ఒక్కోటీ పేరుపేరునా అడిగాను. "పాత మందులు వాడచ్చా" అని గుత్తగా అడిగితే గుత్తగానే జవాబొస్తుంది. డ్యూటీ డాక్టరమ్మ ఫైలు తెప్పించుకుని చెప్పింది. మూడూ ఆపాలిట. కొత్తగా ఇచ్చిన మెటోప్రొలాల్‌తోనే బీపీ తగ్గి ఉంది కనక ఆమ్లోడిపిన్ ఇప్పుడు వద్దు, షుగరు మాత్ర సంగతి రివ్యూలో చూస్తాం అంది. ఆ మాట, తేదీ, టైము సమ్మరీ మీదే రాసిపెట్టుకున్నాను.

"సగం పట్టీలు అలాగే ఉన్నాయమ్మా, పారేస్తామా?" అన్నారు అత్తయ్యగారు. పారెయ్యలేదు. ఓ కవర్లో వేసి, పైన "వద్దు" అని రాసి, రివ్యూకి పట్టుకెళ్ళడానికి బీరువాలో పెట్టాను. ఆ డబ్బాలో మాత్రం ఉంచలేదు. మావయ్యగారి చెయ్యి అలవాటుగా దాంట్లోకే వెళ్తుంది మరి.

అప్పుడు పట్టిక రాశాను. గడియారం కన్నా మా ఇంటి తిండి వేళలకే కట్టాను. అత్తయ్యగారికి ఏడున్నర అంటే గుర్తుండదు, టిఫినంటే గుర్తుంటుంది.

| ఎప్పుడు | ఏ మందు | ఎందుకు |
|---|---|---|
| లేవగానే, టిఫినుకి అరగంట ముందు | 1. పాంటోప్రజోల్ 40 | కడుపులో మంట రాకుండా |
| టిఫిను తిన్నాక | 2. మెటోప్రొలాల్ ఎక్స్ఎల్ 25 (నూరకూడదు), 3. మెట్‌ఫార్మిన్ 500, 4. యాంటీబయాటిక్ | గుండె, బీపీ, షుగరు, ఇన్ఫెక్షన్ |
| మధ్యాహ్నం అన్నం తిన్నాక | 5. ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్ కలిసిన గొట్టం | స్టెంట్‌లో రక్తం గడ్డ కట్టకుండా |
| రాత్రి భోజనం అయ్యాక | 3. మెట్‌ఫార్మిన్ 500, 4. యాంటీబయాటిక్ | షుగరు, ఇన్ఫెక్షన్ |
| పడుకునేముందు | 6. అటోర్వాస్టాటిన్ 40 | కొలెస్ట్రాల్ |

మందుల ముందున్న అంకెలు అత్తయ్యగారి కోసం. అదే అంకెని చిన్న స్టిక్కరు మీద రాసి ఆ మందు పట్టీకి అంటించాను. షాపులో ఒక కంపెనీది లేక ఇంకోటి ఇచ్చినప్పుడు, అసలు పేరు, ఎంత పవరో సరిచూసి, స్టిక్కరు దానికి మారుస్తాను. పట్టీని కత్తిరించేటప్పుడు పేరూ ఎక్స్‌పైరీ తేదీ ఉన్న వైపు ఆఖర్న మిగిలేలా చూసుకోవాలి.

రెండో నంబరు పక్కన "నూరకూడదు" అని ఎందుకు రాశానంటే, మావయ్యగారు మాత్ర గొంతు దిగడం లేదంటే అత్తయ్యగారు చెంచాతో నలిపి నీళ్ళలో కలిపిచ్చేస్తారు. ఎక్స్ఎల్, ఎస్సార్ అని ఉన్నవి రోజంతా కాస్తకాస్తగా కరిగేలా చేసినవి. నలిపితే మందంతా ఒక్కసారే ఒంట్లోకి వెళ్తుంది.

యాంటీబయాటిక్‌కి కాగితంలో "5 రోజులు" అని ఉంది. ఏ రోజు నించి లెక్క అన్నది ఇంటికొచ్చిన నాలుగోనాటికి ఎవరికీ గుర్తుండదు. తొమ్మిదో తారీఖు రాత్రి మొదలైంది, మొత్తం పది మాత్రలు, కనక పధ్నాలుగు పొద్దున్నతో ఆఖరు. ఆ తేదీయే రాశాను. ఐదో నంబరు కింద మాత్రం ఎర్ర పెన్నుతో "గుండె డాక్టరుని అడక్కుండా ఒక్క రోజు కూడా ఆపకూడదు, పన్ను పీకించుకోవాలన్నా సరే" అని రాశాను. స్టెంట్ వేసిన కొత్తలో ఈ మందు మానితే అందులో గడ్డ కట్టి మళ్ళీ గుండెపోటు రావచ్చని, వచ్చేసేముందు పెద్ద డాక్టరుగారు ఒకటికి రెండుసార్లు చెప్పారు.

ఏడో మందు పట్టికలో లేదు, చూశారా? నాలిక కింద పెట్టుకునే ఐసోసార్బైడ్ అది, ఎస్ఓఎస్. గళ్ళలో రాస్తే ఏదో ఒక పూట రోజూ వేసేస్తారు. అందుకే కాగితం అడుగున విడిగా పెట్టెగీసి రాశాను: "గుండెలో నొప్పి వస్తేనే. కూర్చోబెట్టి నాలిక కింద ఒకటి. మింగకూడదు. ఐదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోను." నిలబడి వేసుకుంటే బీపీ పడిపోయి కళ్ళు తిరగచ్చు. ఆ మాత్రలు ఒక పట్టీ మావయ్యగారి మంచం పక్కన, ఒకటి చొక్కా జేబులో.

పట్టిక పక్కన వారానికి సరిపడా గళ్ళు గీశాను. మాత్ర మింగాక టిక్కు పెట్టాలి, ఇవ్వడానికి తీసినప్పుడు కాదు. రెండో రోజే దాని అవసరం పడింది. మధ్యాహ్నం మావయ్యగారు "నేను వేసుకున్నాను" అంటారు, అత్తయ్యగారు "లేదు, నేనివ్వలేదు" అంటారు. గడి చూస్తే టిక్కు ఉంది. చుట్టం వచ్చిన హడావుడిలో మా అబ్బాయి ఇచ్చి పెట్టాడు. గడే లేకపోతే రక్తం పలచబడే మందు రెండోసారి పడేది.

రివ్యూకి పట్టికా, "వద్దు" కవరూ రెండూ తీసుకెళ్ళాం. డాక్టరుగారు టిక్కులన్నీ చూసి, మెటోప్రొలాల్ 50 చేసి, షుగరుకి పాత కలిపిన మాత్రే మళ్ళీ మొదలుపెట్టి, ఒట్టి మెట్‌ఫార్మిన్ ఆపమన్నారు. ఇంటికొచ్చి పాత పట్టిక మీద గీతలు కొట్టి దిద్దలేదు. పైన తేదీ వేసి కొత్తది రాసి ఫ్రిజ్ తలుపుకి అంటించి, పాతది చింపేశాను. "వద్దు" కవరులోంచి ఒక పట్టీ బయటికొచ్చింది, ఇంకోటి లోపలికెళ్ళింది. స్టిక్కర్లు మార్చే పని మావయ్యగారే తీసుకున్నారు.