కాఫీ తర్వాతి చదువు

నలభయ్యో ఏట దూరవిద్యలో బి.కాం. కట్టాను. ఫ్యాక్టరీలో నా డ్యూటీ ఒక వారం పొద్దున్న ఆరింటికి, ఒక వారం మధ్యాహ్నం రెండింటికి, మరో వారం రాత్రి పదింటికి. రోజూ తెల్లవారుజామున అయిదింటికి చదవాలని ప్రతిజ్ఞ పట్టాను. నైట్ షిఫ్టు వారంలో ఆ వేళకి నేను మిషన్ దగ్గరుంటాను! ఎకౌంటెన్సీ పోయింది.

"గడియారాన్ని నమ్ముకుంటే ఎలాగండీ? ఎప్పుడు లేచినా కాఫీ మాత్రం మానరుగా, అది తాగి కూర్చోండి" అంది మా ఆవిడ.

అలాగే కూర్చున్నాను. నైట్ షిఫ్టయితే ఆ కాఫీ మధ్యాహ్నం రెండింటికి. మొదటి అయిదు నిమిషాలు పుస్తకం మూసి, నిన్నటిది కాగితం మీద పెడతాను. పది నిమిషాలు కొత్త లెక్క. చివరి అయిదు నిమిషాల్లో దాన్నే చూడకుండా చేసి, రేపటి పేజీ నంబరు రాసుకుంటాను.

పదివేల మిషన్‌కి తగ్గుతున్న విలువ మీద పది శాతం తరుగుదల. మూడో ఏడు కూడా వెయ్యే వేశాను. పుస్తకం తెరిస్తే 810! చదివినప్పుడు అంతా వచ్చినట్టే ఉంది. మూస్తేగాని రాలేదని తెలియలేదు.

డబుల్ డ్యూటీ రోజున మొదటి అయిదు నిమిషాలే. మిగిలింది రేపటికి కలపను. ఒకసారి కలిపితే మూడు రోజుల బాకీ గంటయింది, వారం రోజులు పుస్తకమే ముట్టలేదు.

ఈసారి ఎకౌంటెన్సీ గట్టెక్కింది. మార్కుల్లో సగం కాఫీవేనట!