సూరత్ కేబుల్ భాయ్‌కి ఒక ఉత్తరం

బదిలీ మీద కొత్త ఊరికి వెళ్లినప్పుడు గ్యాస్ కోసం, పాల కోసం మనమే తిరగాలి. కేబుల్ మాత్రం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. 2019లో మేము సూరత్‌లో అద్దె ఇంట్లో దిగిన మర్నాడే కేబుల్ భాయ్ సెట్ టాప్ బాక్స్ చంకన పెట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. "బెన్, తెలుగు కూడా వస్తుంది" అన్నాడు. ఆ ఒక్క మాటతో మా అత్తయ్య మనసు గెలుచుకున్నాడు.

సూరత్‌లో తెలుగు చానళ్లు దొరకడంలో వింత లేదు. లింబాయత్ వైపు వెళితే పవర్‌లూమ్‌ల మధ్య తెలుగే వినిపిస్తుంది. తెలంగాణ నుంచి నేతపని కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాలు అక్కడ చాలా ఉన్నాయి. అంతకుముందు మేము పనిచేసిన ఒక చిన్న ఊళ్లో డబ్బు ఇస్తామన్నా తెలుగు చానల్ ఇచ్చేవాడు లేడు. కేబుల్ సంస్థ తన దగ్గరికి తెచ్చుకోని చానల్‌ను మనం ఎంత మంచి ఉత్తరం రాసినా ఇవ్వలేదు. కాబట్టి సూరత్‌లో దొరికిందే చాలనుకుని, భాయ్ చెప్పిన ప్యాక్‌కి తల ఊపాం.

నెల తిరిగేసరికి 472 రూపాయల రసీదు వచ్చింది. 240 చానళ్లు. మా ఇంట్లో చూసేవి లెక్కపెడితే రెండు చేతుల వేళ్లు చాలు. అత్తయ్యకు సీరియళ్లు, మధ్యాహ్నం ఒక పాత సినిమా, పెద్దవాడికి క్రికెట్, చిన్నదానికి జంతువులు, మాకు వార్తలు. అంతే.

ఎనిమిదో తరగతి చదువుతున్న మా పెద్దవాడు ఉత్తరం రాస్తానని ముందుకొచ్చాడు. పరీక్షలో రాసినట్టే రాశాడు. పైన ఊరు, తేదీ, తర్వాత "గౌరవనీయులైన అయ్యా" అని సంబోధన, ఆపైన విషయం: "మాకు అక్కరలేని చానళ్లు చాలా వస్తున్నాయి. వాటిని తొలగించి నెలవారీ రుసుము తగ్గించవలసిందిగా ప్రార్థన." కింద "ఇట్లు మీ విధేయుడు." పరీక్షలో అయితే దానికి మార్కులు తగ్గించడానికి మాకు చెయ్యి రాదు. కానీ ఆ కాగితం అందుకున్న మనిషి ఏం చెయ్యగలడు? ఏ చానళ్లు అక్కరలేదో అందులో లేదు. ఎవరి బాక్సో లేదు. ఎంత తగ్గాలో, ఎందుకు తగ్గాలో అంతకన్నా లేదు. అందుకని ఉత్తరం పక్కన పెట్టి, వాడూ మేమూ ముందు రసీదు చదవడానికి కూర్చున్నాం.

అప్పటికి దేశమంతా కేబుల్ బిల్లు పద్ధతి మారింది. టెలిఫోన్లకూ టీవీ ప్రసారాలకూ నియమాలు పెట్టే ట్రాయ్ అనే సంస్థ 2017లో ఇచ్చిన ఉత్తర్వు 2019 ఫిబ్రవరి 1 నుంచి ఇళ్లలో అమల్లోకి వచ్చింది. దాని ప్రకారం బిల్లులో రెండు భాగాలు ఉంటాయి. మొదటిది మన ఇంటిదాకా చానళ్లను మోసుకొచ్చినందుకు తీసుకునే రుసుము. రసీదులో దీన్ని ఎన్‌సీఎఫ్ అని వేస్తారు. రెండోది డబ్బు చెల్లించి చూసే చానళ్ల ధర. ఈ రెండూ కలిపి, పైన 18 శాతం పన్ను. నీళ్ల ట్యాంకర్‌కి కిరాయి వేరు, నీళ్ల ధర వేరు అన్నట్టు.

మొదటి భాగం దగ్గరే మా కళ్లు తెరుచుకున్నాయి. అప్పటి నియమం ప్రకారం 100 చానళ్ల వరకు ఈ మోత రుసుము 130 రూపాయలు దాటకూడదు. ఆపైన ప్రతి 25 చానళ్లకు 20 రూపాయల దాకా తీసుకోవచ్చు. మా 240లో వంద పోగా 140 మిగులుతాయి. పాతికల లెక్కన అవి ఆరు కట్టలు, అంటే 120 రూపాయలు. మొత్తం మోత రుసుమే 250 అయింది. డబ్బు చానళ్లకు 150. కలిపి 400, పన్ను 72. అదీ 472 కథ.

ఇక్కడ మావాడు ఒక ప్రశ్న వేశాడు: "ఉచిత చానళ్లు తీసేస్తే ఏం లాభం? వాటికి ధరే లేదు కదా?" ధర లేదు, నిజమే. కానీ వంద దాటాక ఆ ఉచిత చానలే పాతిక కట్టలో చేరి మోత రుసుము పెంచుతుంది. మనకు తెలియని భాషలో పాటలు వేసే ఉచిత చానల్‌కు కూడా మనం కిరాయి కడుతున్నామన్నమాట. పోనీ ఓ పది తీసేస్తే తగ్గుతుందా అంటే తగ్గదు. 240 నుంచి 230కి దిగినా వంద పైన 130 ఉంటాయి, కట్టలు ఆరే. 225కి దిగితేనే ఒక కట్ట పోయి 20 రూపాయలు తగ్గుతాయి. కాబట్టి "అక్కరలేనివి కొన్ని తీసెయ్యండి" అని అడగడం కన్నా "మొత్తం వంద లోపు ఉంచండి" అని అడగాలి. హెచ్‌డీ చానల్ ఒక్కటి తీసుకుంటే లెక్కలో అది రెండు చానళ్లు. ఆ సంగతి తెలిశాక క్రికెట్‌ను మామూలు ఎస్‌డీలో చూడటానికి మావాడు గొణుగుతూనే ఒప్పుకున్నాడు.

ఆ వందలోనూ కొన్ని దూరదర్శన్ చానళ్లు తప్పనిసరిగా ఇవ్వాలి. మన సప్తగిరి, గుజరాతీ వాళ్ల గిర్నార్ అలా వచ్చేవే. వాటిని తీసెయ్యమని రాసినా తియ్యరు, వాటికి విడిగా ధరా లేదు.

తర్వాత రెండో భాగం. చానళ్లను ప్యాక్‌గానే కాక విడివిడిగా కూడా అమ్మాలని నియమం. ప్యాక్‌లో కలిపి అమ్మే ఏ చానల్ ధరా అప్పట్లో 19 రూపాయలు మించకూడదు. ఒక్కో చానల్ ధర రిమోట్‌తో గైడ్ తెరిస్తే టీవీ మీదే కనిపిస్తుంది. అత్తయ్య ఒకటొకటిగా పేరు చెబుతుంటే చిన్నది నోటుపుస్తకంలో రాసింది. సీరియళ్లు వచ్చేది ఒకటి 19, ఇంకొకటి 17. మూడో సంస్థవి రెండు కావాలి, ప్రధాన చానల్ 19, సినిమా చానల్ 17. ఆట 19. జంతువులు 2 రూపాయలు! చిన్నది ఆ రోజంతా అదే చెప్పుకుని తిరిగింది.

ఈ కాగితం పట్టుకుని మేము భాయ్ దుకాణానికి వెళ్లాం. ఆయన మొహం చిట్లించుకుని, "విడివిడిగా తీసుకుంటే నష్టం బెన్, అందరూ ఇలాగే అడుగుతున్నారు" అన్నాడు. వ్యాపారం మాటేలే అనుకున్నాం. కానీ ఆయన మా పట్టికలో ఒక చోట వేలు పెట్టి చూపించాడు. ఆ మూడో సంస్థ రెండు చానళ్లూ విడిగా తీసుకుంటే 36 రూపాయలు. అదే సంస్థ తెలుగు ప్యాక్ 30 రూపాయలు, అందులో ఆ రెండూ ఉన్నాయి, మరో రెండు అదనం. ఆ ఒక్క విషయంలో ఆయనదే సరైన లెక్క. ఒక సంస్థ నుంచి ఒకే చానల్ కావాలంటే విడిగా, రెండు మూడు కావాలంటే ప్యాక్ ధరతో పోల్చి చూసుకోవాలి. మిగతా ప్యాక్‌లలో మాకు ఒక్కటి చొప్పున మించి అక్కరలేదు.

కొత్త లెక్క ఇలా తేలింది. తెలుగుకు 19, 17, ప్యాక్ 30 కలిపి 66. ఆటకు 19, జంతువులకు 2. మొత్తం 87. మోత రుసుము 130 కలిపితే 217. పన్నుతో 256 రూపాయల 6 పైసలు. నెలకు దాదాపు 216 రూపాయలు మిగులు.

అప్పుడు రాశాం అసలు ఉత్తరం. భాయ్‌కి చదవడానికి వీలుగా హిందీలో రాసింది మావాడే. తెలుగులో చెబితే ఇది:

"భాయ్‌కి నమస్కారం. మా బాక్స్ మీద ఉన్న వీసీ నంబరు, మేము నమోదు చేయించిన ఫోన్ నంబరు పైన రాశాము. ఇప్పుడున్న ప్యాక్‌లు అన్నీ ఆపి, కింద రాసిన 4 చానళ్లు, 1 తెలుగు ప్యాక్ మాత్రమే ఉంచండి. అన్నీ ఎస్‌డీలోనే ఇవ్వండి. ఉచిత చానళ్లతో కలిపి మొత్తం 100 దాటకూడదు. మా లెక్క ప్రకారం పన్నుతో నెలకు 256 రూపాయలు అవుతుంది. తేడా ఉంటే మార్చే ముందు చెప్పండి. ఈ నెల డబ్బు కట్టేశాము, రసీదు నకలు జతపరిచాము."

కింద ఒక్కో చానల్ పేరు, టీవీలో దాని నంబరు, ధర. తీసెయ్యవలసిన వాటి జాబితా రాయలేదు. అది రెండు వందల పేర్లు, ఒక్కటి మర్చిపోయినా ఉండిపోతుంది. ఉంచవలసినవి రాస్తే అయిదు వరుసల్లో అయిపోతుంది.

వీసీ నంబరు ఎందుకంటే, చానళ్లను ఆపేదీ ఇచ్చేదీ మన వీధి భాయ్ తన దుకాణంలో తీగ పీకి కాదు. పైనున్న పెద్ద సంస్థ కంప్యూటర్‌లో ఆ నంబరు కొట్టి మార్చాలి. భాయ్ అక్కడికి పంపే వివరం అదే. అది లేకపోతే ఉత్తరం డ్రాయరులోనే ఉండిపోతుంది. రెండు ప్రతులు రాసి, ఒకదాని మీద ఆయన సంతకం, తేదీ వేయించుకున్నాం. అడిగిన 72 గంటల్లో మార్పు జరగాలని నియమం. గంటలు లెక్కపెట్టడానికి ఆ తేదీయే ఆధారం.

రెండో రోజు సాయంత్రం టీవీలో చాలా నంబర్ల దగ్గర చందా లేదన్న నోటీసు కనిపించింది. కానీ అత్తయ్య సినిమా చానల్ దగ్గర కూడా అదే నోటీసు! బాక్స్ మెనూలో మన చందా పట్టిక ఉంటుంది. అది తెరిచి చూస్తే ప్యాక్ బదులు ప్రధాన చానల్ ఒక్కటే ఎక్కింది. ఫోన్ చేసి, ఉత్తరంలో మూడో వరుస చూడమన్నాం. గంటలో సినిమా వచ్చింది. చానళ్లు పోయినంత మాత్రాన డబ్బు తగ్గినట్టు కాదు గనక తర్వాతి నెల రసీదు కూడా విడదీసి చూశాం. మోత రుసుము 130, చానళ్లు 87, పన్ను. సరిపోయింది.

ఆ అంకెలు ఇప్పుడు అలాగే లేవు. 2020 మార్చి నుంచి అదే 130 రూపాయలకు 200 చానళ్లు ఇవ్వాలన్నారు, తప్పనిసరి దూరదర్శన్ చానళ్లను ఆ లెక్కలోంచి తప్పించారు. 2024 జూలైలో ట్రాయ్ మోత రుసుము మీద గరిష్ఠ పరిమితినే తీసేసింది. ఇప్పుడు అది ఒక్కో సంస్థ దగ్గర ఒక్కోలా ఉండవచ్చు. కాబట్టి ఈసారి మీ నాన్నగారికి బదిలీ అయి కొత్త ఊళ్లో కేబుల్ భాయ్ గుమ్మంలోకి వచ్చినప్పుడు, తెలుగు వస్తుందా అని అడిగిన వెంటనే రెండో ప్రశ్నగా ఎన్‌సీఎఫ్ ఎంత, ఎన్ని చానళ్లకు అని అడగండి. ఉత్తరం మిగతా భాగం మా పెద్దవాడి దాన్లోంచి ఎత్తి రాసుకున్నా వాడేమీ అనుకోడు.