తలుపు దగ్గర లెక్క

2017 జనవరి 3 నుంచి 7 దాకా తిరుపతిలో శ్రీవేంకటేశ్వర విశ్వవిద్యాలయం ఆతిథ్యంలో 104వ భారత సైన్స్ కాంగ్రెస్ జరిగింది. సైన్స్ కాంగ్రెస్‌లో 14 విభాగాలుంటాయి. రసాయనశాస్త్రం వాళ్లు ఒకచోట, గణితం వాళ్లు ఇంకోచోట కూర్చుంటారు కాబట్టి ఏ గదికి ఎంతమంది వస్తారో పేర్ల నమోదులోనే చాలావరకు తెలిసిపోతుంది. నోబెల్ గ్రహీతల ప్రసంగాల్లాంటివి అలా కాదు. వాటికి ఏ విభాగం వాళ్లైనా వస్తారు, ఎంతమంది అన్నది వాళ్ల ఇష్టం.

ఈ ఊళ్లో మాకు జనాన్ని సర్దడం కొత్త కాదు. కొండమీద దర్శనానికి టైమ్ స్లాట్ టోకెన్ ఇస్తారు, అది పనిచేస్తుంది, ఎందుకంటే అందరూ వెళ్లేది ఒకే స్వామి ముందుకి. సదస్సులో మనిషి గంటగంటకీ తన దారి తాను ఎంచుకుంటాడు. మొత్తం కుర్చీలు మొత్తం జనానికి సరిపోయినా ఒక గది ముందు తోపులాట, పక్క గదిలో ఖాళీ వరసలు కనిపిస్తాయి.

కాలేజీ సదస్సులకు గదులు కేటాయించే పని ఏళ్లుగా చేస్తున్నాను. అందులో నాకు కళ్లు తెరిపించింది చిత్తూరు వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన, మా అటెండరు. ఒక సెషన్ కాగానే నేను రిజిస్టర్‌లో ‘హాలు నిండింది, 100’ అని రాస్తుంటే పక్కనే నిలబడి అన్నాడు: “నిండిందని రాస్తే ఏం తెలుస్తాది సార్? తలుపు కాడికొచ్చి ఎనక్కి పోయినోళ్లు ఎంతమందో రాయండి.”

ఆ మాటలో సంగతంతా ఉంది. 100 కుర్చీల గదిలో 100 మంది కనిపిస్తే, కోరుకున్నవాళ్లు కనీసం 100 మంది అని మాత్రమే తెలుస్తుంది. అసలు సంఖ్య 105 కావచ్చు, 180 కావచ్చు. ఆ 100ని నమ్మి మరుసటి ఏడు కూడా అదే గది ఇస్తే మళ్లీ 100 అనే వస్తుంది. అందుకే అప్పట్నుంచీ ప్రతి తలుపు దగ్గరా ఒక విద్యార్థిని నిలబెట్టి, సెషన్ మొదలయ్యాక 10 నిమిషాలకు లోపల కూర్చున్నవాళ్లు, గోడకానుకుని నిలబడ్డవాళ్లు, తొంగిచూసి వెళ్లిపోయినవాళ్లు అని మూడు లెక్కలు రాయిస్తున్నాను. మూడోదే అన్నిటికంటే విలువైనది.

ఎవరు ఎటు వస్తారో ముందుగా తెలుసుకోవాలంటే నమోదు కాగితంలో మొదటి ఎంపికతో పాటు రెండో ఎంపిక కూడా అడగాలి. ఒక లెక్క వేసి చూద్దాం. ప్రతినిధులు 400 మంది. గదుల్లో కుర్చీలు 250, 100, 70, 40. ఒకే గంటలో నాలుగు ప్రసంగాలు. మొదటి ఎంపికగా నేలల గురించిన ప్రసంగానికి 190 మంది, చెరువుల దానికి 130, విత్తనాలకు 50, పురుగులకు 30 టిక్కు పెట్టారు. ఎక్కువమంది కోరినదానికి పెద్ద గది అనుకుంటూ వరసగా ఇచ్చుకుంటూ పోతే చెరువుల గదిలో 30 మందికి చోటుండదు.

చాలామందికి వెంటనే తోచేది నేలలనూ చెరువులనూ వేర్వేరు గంటల్లో పెట్టడం. ఇక్కడే రెండో ఎంపిక చూడాలి. చెరువులు కోరిన 130 మందిలో 90 మంది రెండో ఎంపిక నేలలే అనుకుందాం. చెరువుల్ని ఆ గంట నుంచి తీసేస్తే ఆ 90 మందీ నేలల హాలుకే వస్తారు. 280 మంది, 250 కుర్చీలు. 30 మంది కొరత పోలేదు, గది మాత్రం మారింది. రెండూ ఒకే గంటలో ఉంచితే, చెరువుల గది దగ్గర మిగిలిన 30 మందిలో 20 మంది దాకా నేలల హాలుకు పోతారు, అక్కడ 60 కుర్చీలు ఖాళీగానే ఉన్నాయి. మిగతా పదిమందికి విత్తనాలు, పురుగుల గదుల్లో చోటుంది. అందరికీ కుర్చీ దొరుకుతుంది.

కానీ రెండూ వినాలనుకున్నవాళ్లకు ఒకటి పోతుంది, అది చిన్న నష్టం కాదు. వక్త ఒప్పుకుంటే మధ్యాహ్నం అదే ప్రసంగం మళ్లీ పెట్టిస్తాను. అదీ కుదరకపోతే రెండింటినీ వేర్వేరు గంటల్లో పెట్టి, రెండిటికీ పెద్ద హాలే ఇచ్చి, నేలల ప్రసంగానికి ఎదురుగా ఆ 90 మందిలో కొందరినైనా లాగగలిగేది వెతుకుతాను. దేనికి ఎదురుగా ఏది పెట్టామన్నది గది సైజుతో సమానంగా జనాన్ని కదిలిస్తుంది.

ఈ లెక్కకు హద్దులున్నాయి. ముందు రెండు వరసలు అతిథులకు కేటాయిస్తారు, స్తంభాల వెనక కుర్చీల్లో ఎవరూ కూర్చోరు, కాబట్టి 250 అని రాసేముందు వాటిని తీసేయాలి. సదస్సు రోజు ఉదయమే వచ్చి పేరిచ్చేవాళ్ల ఎంపిక కాగితంలో ఉండదు. వాళ్లు తరచూ పేరున్న వక్త దగ్గరికే వెళ్తారు, అందుకని ఆ గది పక్కనున్న గదిని మొదటి గంటకు ఖాళీగా ఉంచి, స్పీకరు తీగ అక్కడిదాకా లాగించి పెడతాను.