అత్తమ్మ కంట్లో ఎర్ర మచ్చ

పొద్దున్నే వాట్సాప్‌లో ఊరి నుంచి మా తోడికోడలు ఒక ఫొటో పెట్టింది. అత్తమ్మ కన్ను. తెల్లగుడ్డు మీద, ముక్కు వైపు, కుంకుమ పూసినట్టు ఎర్రటి మచ్చ. కింద ఒకటే మాట: "అక్కా, అత్తకు కంట్లో రక్తం కారింది, భయమేస్తాంది."

చూడగానే గుండె జారింది. కానీ చాలాసార్లు ఇది చూసేవాళ్ళను భయపెట్టినంతగా కంటికి హాని చేయదు. తెల్లగుడ్డు మీద పల్చటి గాజులాంటి పొర ఉంటుంది. దాని కింద వెంట్రుక కంటే సన్నని రక్తనాళాలుంటాయి. గట్టిగా దగ్గినా, తుమ్మినా, వాంతి చేసుకున్నా, బరువెత్తినా, కన్ను నులుముకున్నా వాటిలో ఒకటి చిట్లుతుంది. బయటికి పోయే దారి లేక ఆ రక్తం పొర కిందే పరుచుకుంటుంది. ఒంటి మీద దెబ్బ తగిలి కమిలితే చర్మం అడ్డు కాబట్టి నల్లగా కనిపిస్తుంది. ఇక్కడ అడ్డం లేదు, అందుకే అంత ఎరుపు.

అత్తమ్మ నాలుగు రోజులుగా విత్తనానికి చెనిక్కాయలు వలుస్తా ఉంది. అనంతపురం గాలి సంగతి తెలిసిందే కదా, పొట్టూ దుమ్మూ కలిసి పొడి దగ్గు పట్టుకుంది. రాత్రంతా దగ్గిందట.

ఫొటోతో సగమే తెలుస్తుంది. ఫ్లాష్ లేకుండా, వాకిట్లో వెలుతురులో, పైకి ఒకటి, చెవి వైపు ఒకటి చూడమని ఇంకో రెండు తీయించాను. (సెల్ఫీ తీస్తే కొన్ని ఫోన్లలో కుడి ఎడమలు తారుమారవుతాయి, ఏ కన్నో నోటితో అడగడమే మేలు.) మచ్చ అంచు గీసినట్టు స్పష్టంగా ఉంది. అంచు దాటాక తెల్లగుడ్డు తెల్లగానే ఉంది. నల్లగుడ్డు శుభ్రంగా ఉంది. తర్వాత ఫోన్ చేసి ఫొటో చెప్పలేనివి అడిగాను. నొప్పి ఉందా? వెలుతురు చూడలేకుండా ఉందా? ఊసి, చీము కారుతున్నాయా? మంచి కన్ను మూసుకుని గోడ మీది క్యాలెండర్లో తేదీ చదువు అత్తమ్మా అన్నాను. "చదివితినమ్మా, నొప్పీ లేదు గిప్పీ లేదు. అద్దంలో చూసుకునేదాకా నాకే తెలీదు" అంది.

అంతవరకు బాగానే ఉంది. బీపీ మాత్రలు వేసుకుంటున్నావా అంటే మాత్రం మాట నీళ్ళు నమిలింది. అయిపోయి మూడు వారాలైందట. "వాన పడి విత్తనం వేసినాక తెచ్చుకుందామనుకుంటి." ఏఎన్ఎమ్ వచ్చి చూస్తే 178/102. కంటి మచ్చ దానంతట అది పోయేదే, ఇది అలా పోయేది కాదు. తలనొప్పి, మాట తడబాటు, చెయ్యి మొద్దుబారడం ఏవీ లేవు కాబట్టి ఆ రోజే డాక్టరు దగ్గరికి నడిపించుకుని పోయారు. ఉంటే అంబులెన్స్ పిలవాల్సిందే.

డాక్టరు చూపు పరీక్షించి, టార్చి వేసి చూసి, బీపీ మాత్రలు మళ్ళీ మొదలుపెట్టించి, దగ్గుకు మందిచ్చారు. కంటికి ఏమీ అక్కర్లేదన్నారు, గరగరగా ఉంటే కన్నీటి చుక్కలు చాలన్నారు. అప్పటికే మందుల షాపులో ఒకటి కొనిపెట్టారు, అది స్టెరాయిడ్ చుక్కల మందు! దాన్ని పక్కన పడేయించారు. చనుబాలు, ఆకు పసరు పోద్దామన్న పక్కింటి సలహాలు కూడా అంతే.

రెండో రోజు మచ్చ ఇంకా పెద్దదైందని మళ్ళీ ఫోను. పొర వదులుగా ఉంటుంది కాబట్టి కారిన రక్తం మొదటి ఒకటి రెండు రోజులు పాకుతుంది. నొప్పి లేకుంటే, చూపు మారకుంటే దానికి బెదరక్కర్లేదు. ఆరో రోజుకు అంచులు పసుపు తిరిగాయి, రెండు వారాలకు తెల్లబడింది. కొందరికి మూడు వారాలు కూడా పడుతుంది.

మన వైపు ఆడవాళ్ళు ఇంకో ఎరుపును దీనితో కలిపేసుకుంటారు. చెనిక్కాయ పొట్టో, కంది పుల్లో కంటికి గీరుకుంటే వచ్చేది. అందులో మచ్చ ఉండదు, నల్లగుడ్డు చుట్టూ సన్న నరాలు ఎర్రబడతాయి, నీళ్ళు కారతాయి, వెలుతురు చూడలేరు, రెండు మూడు రోజులకు నల్లగుడ్డు మీద తెల్లటి చుక్క కూడా తేలవచ్చు. అది పుండు, తరచుగా బూజు వల్ల. దానిలో స్టెరాయిడ్ చుక్కలు వేస్తే చూపే పోవచ్చు. అదే రోజు కంటి డాక్టరు దగ్గరికి పోవాలి.

బండి మీద నుంచి పడ్డాకనో, కంటికి దెబ్బ తగిలాకనో ఎరుపు వస్తే ఇంట్లో చూసుకుంటూ కూర్చోకూడదు. తల దెబ్బ తర్వాత కన్ను అటూ ఇటూ తిప్పినా మచ్చకు వెనక అంచు కనిపించకపోతే పుర్రె అడుగున చీలిక వచ్చిందేమో అని డాక్టర్లు అనుమానిస్తారు. నల్లగుడ్డు లోపల అడుగున రక్తం నిలిచినట్టు కనిపించినా ఆసుపత్రికే.

ఏ కారణమూ లేకుండా మళ్ళీ మళ్ళీ వస్తున్నా, చిగుళ్ళ నుంచి కూడా రక్తం వస్తున్నా రక్తపరీక్ష చేయించాలి. గుండెకని రక్తం పల్చబడే మాత్ర వాడేవాళ్ళు మచ్చను చూసి బెదిరి దాన్ని తామే ఆపేయకూడదు. ఆ మాత్ర రాసిన డాక్టరునే అడగాలి.